లారీ కింద తిరిగేది కడ్డీ కాదు, గొట్టం

రోడ్డు పక్కన ఆగిన లారీ కిందకు వంగి చూస్తే, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా జబ్బంత లావున ఓ ఇనుప దండం కనిపిస్తుంది. డ్రైవర్లు, మెకానిక్కులు దాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. ఇంజను ముందుంటుంది, లారీని తోసే చక్రాలు వెనకుంటాయి. ఆ రెంటి మధ్య శక్తిని మోసుకెళ్లే దారి ఈ దండం ఒక్కటే. పది టన్నుల సరుకుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఒక కొసన ఇంజను దీన్ని తిప్పుతుంటే, రెండో కొసన చక్రాలు తిరగనంటూ మొరాయిస్తాయి. మధ్యలో ఇది మెలిపడుతుంది.

ఇంత భారం మోసేది లోపలంతా నిండిన ఉక్కు కడ్డీ అయ్యుంటుందని ఎవరైనా అనుకుంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రిపేరు కోసం లేతు మీద కోసిన పాత షాఫ్టును చూస్తే సంగతి తెలుస్తుంది. అది గొట్టం. గోడ మందం నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. మిగతాదంతా బోలు.

ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలు చేసిన కక్కుర్తి అని దీన్ని చూసి అనుకునేవాళ్లున్నారు. నిజం అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. అంతే బరువున్న ఉక్కుతో నిండు కడ్డీ చేసి బిగిస్తే, లోడు లారీ మొదటి గేరులో ఎత్తు ఎక్కేసరికే అది శాశ్వతంగా మెలిపడి పనికిరాకుండా పోతుంది. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పరీక్షలో రాసే లెక్క ఇదే: సమాన బరువున్న బోలు షాఫ్టుకూ నిండు షాఫ్టుకూ బలంలో తేడా ఎంత? మెలి తిరిగే కోణంలో తేడా ఎంత? ఆ లెక్కను నిజమైన లారీ కొలతలతో ఒకసారి చేసి చూస్తే గొట్టం గొప్పతనం ఎక్కడుందో, దాని హద్దు ఎక్కడుందో రెండూ బయటపడతాయి.

మెలి పెడితే లోపల ఏం జరుగుతుంది?

షాఫ్టును పలచని గుండ్రటి బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన దండంగా ఊహించుకోవాలి. ఒక కొసను బిగించి రెండో కొసను తిప్పితే ప్రతి బిళ్లా తన పక్క బిళ్ల మీద కాస్తంత జరుగుతుంది. ఒక్కో జరుగుడు కంటికి కనిపించనంత చిన్నది. కానీ పొడవునా అన్నీ కలిస్తే ఈ కొసకూ ఆ కొసకూ మధ్య కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. అదే మెలి కోణం. బిళ్లలు అలా జారిపోకుండా లోహం లోపల పట్టి ఉంచే బలాన్ని ఒక్కో చదరపు మిల్లీమీటరుకు లెక్కగడితే వచ్చేది షియర్ స్ట్రెస్. కోణం షాఫ్టు ఎంత బిర్రుగా ఉందో చెబుతుంది. స్ట్రెస్ అది తెగిపోవడానికి ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

ఇక్కడ కీలకమైన విషయం ఒకటుంది. బిళ్ల తిరిగినప్పుడు దాని నడిబొడ్డున ఉన్న లోహం కదలదు. అంచున ఉన్న లోహం అందరికంటే ఎక్కువ జరుగుతుంది. కేంద్రం నుంచి ఎంత దూరం ఉంటే అంత జరుగుడు, అంత స్ట్రెస్. అంటే నిండు కడ్డీలో పై పొర ప్రాణం మీదకు తెచ్చుకుని పనిచేస్తుంటే, మధ్యలోని ఉక్కు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది.

దీనికి రెండో నష్టం తోడవుతుంది. తలుపును అంచు దగ్గర నెడితే వేలితో కదులుతుంది, బందు పక్కన నెడితే భుజం పెట్టాలి. మెలికి ఎదురు నిలవడంలోనూ అంతే. కేంద్రానికి దగ్గరగా ఉన్న లోహం అసలే తక్కువ బలంతో పట్టుకుంటుంది, పైగా ఆ పట్టు తక్కువ దూరం నుంచి పనిచేస్తుంది. కాబట్టి ఒకే బరువు లోహాన్ని కేంద్రం నుంచి రెట్టింపు దూరానికి జరిపితే దాని పట్టు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడు రెట్ల దూరానికి జరిపితే తొమ్మిది రెట్లు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా కథంతా దాన్నుంచే వస్తుంది.

నిండు కడ్డీ విషయంలో ఈ నియమం మరో రూపంలో కనిపిస్తుంది. వ్యాసం పెంచితే లోహం దూరమూ పెరుగుతుంది, లోహం పరిమాణమూ పెరుగుతుంది. అందుకే మెలికి ఎదురుతిరిగే గుణం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 1784లో ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ సన్నని లోహపు తీగలకు బరువులు వేలాడదీసి, వాటిని మెలితిప్పి వదిలి, ఊగులాటకు ఎంత సమయం పడుతోందో కొలిచి ఈ నాలుగో ఘాతాన్ని తేల్చాడు. మరుసటి ఏడాది విద్యుదావేశాల మధ్య బలాన్ని కొలవడానికి ఆయన వాడిన త్రాసు కూడా మెలిపడే తీగ మీదే ఆధారపడింది.

నాలుగో ఘాతం ఎంత పక్షపాతో చూడాలంటే వంద మిల్లీమీటర్ల నిండు కడ్డీ మధ్యలో యాభై మిల్లీమీటర్ల రంధ్రం తొలిచినట్టు అనుకుంటే చాలు. పావు వంతు ఉక్కు పోతుంది. మెలికి ఎదురు నిలిచే గుణంలో పోయేది పదహారో వంతు, అంటే నూటికి 6 పాళ్లకు కాస్త ఎక్కువ. తీసేసిన ఉక్కు ఇన్నాళ్లూ చేసిన పని అంతే.

ఒక లారీ, రెండు షాఫ్టులు

ఇప్పుడు అంకెల్లోకి వెళదాం. 700 న్యూటన్-మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజను ఉన్న లారీని తీసుకుందాం. మొదటి గేరులో ఇంజను ఏడు చుట్లు తిరిగితే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వేగం ఏడోవంతుకు తగ్గినప్పుడు టార్క్ ఏడు రెట్లవుతుంది కాబట్టి షాఫ్టు మీద పడేది 4900. లెక్క సులువు కోసం 5000 న్యూటన్-మీటర్లు అనుకుందాం. మీటరు పొడవున్న రెంచి చివర అర టన్ను బరువు వేలాడదీస్తే వచ్చే మెలి ఇది. పై గేర్లలో ఇదంతా ఉండదు. చివరి గేరులో హైవే మీద పోతున్నప్పుడు షాఫ్టు మోసేది ఇంజను టార్క్ అంతే. షాఫ్టుకు గండం మొదటి గేరులోనే.

మొదటి షాఫ్టు బోలుది. బయటి వ్యాసం 100 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 90, గోడ మందం 5. పొడవు మీటరున్నర. ఉక్కు సాంద్రతతో గుణిస్తే దీని బరువు సుమారు 17.6 కిలోలు.

రెండోది అంతే పొడవు, అంతే బరువున్న నిండు కడ్డీ. రెండింటి అడ్డుకోతలో ఉక్కు సమానంగా ఉండాలి. 100 వర్గంలోంచి 90 వర్గం తీసేస్తే 1900 మిగులుతుంది. దాని వర్గమూలం 43.6. అంటే గొట్టంలోని ఉక్కునంతా కరిగించి పోత పోస్తే వచ్చేది 43.6 మిల్లీమీటర్ల కడ్డీ.

వాడే సూత్రాలు మూడే:

```
J = π (D⁴ − d⁴) / 32
τ = T · r / J
θ = T · L / (G · J)
```

ఇందులో T టార్క్, r షాఫ్టు బయటి వ్యాసార్ధం, L పొడవు. D, d బయటి లోపలి వ్యాసాలు. నిండు కడ్డీకి d సున్నా. G అనేది ఉక్కు ఎంత బిర్రైనదో చెప్పే స్థిరాంకం, చదరపు మిల్లీమీటరుకు సుమారు 80,000 న్యూటన్లు. J లోహం కేంద్రానికి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే అంకె. τ షియర్ స్ట్రెస్, θ మెలి కోణం.

గొట్టానికి J విలువ సుమారు 33.8 లక్షలు వస్తుంది. కడ్డీకి సుమారు 3.54 లక్షలు. అదే ఉక్కు, అదే బరువు, తేడా తొమ్మిదిన్నర రెట్లు.

దాన్నిబట్టి గొట్టం పై పొరలో షియర్ స్ట్రెస్ చదరపు మిల్లీమీటరుకు 74 న్యూటన్లు. కడ్డీ పై పొరలో 307. మెలి కోణం గొట్టంలో 1.6 డిగ్రీలు, కడ్డీలో 15 డిగ్రీలు.

ఆ 307 సంగతి ఆలోచించాలి. మామూలు మెత్తటి ఉక్కు షియర్‌లో చదరపు మిల్లీమీటరుకు సుమారు 145 న్యూటన్ల దగ్గరే సాగిలపడుతుంది. అక్కడి నుంచి మెలి పెడితే మళ్లీ వెనక్కి రాదు. అంటే కడ్డీ విషయంలో మన లెక్క చెప్పిన 15 డిగ్రీలు కూడా నిజం కాదు, ఈ సూత్రాలు ఉక్కు సాగిలపడనంత వరకే పనిచేస్తాయి. అసలు కడ్డీ అంతకు ముందే లొంగిపోయి ఉంటుంది. గొట్టం మాత్రం అదే ఉక్కుతో, తన శక్తిలో సగం మాత్రమే వాడుకుంటూ పని కానిచ్చేస్తుంది.

బిర్రు తొమ్మిదిన్నర రెట్లు పెరిగితే బలం నాలుగు రెట్లే పెరిగిందేమిటన్న అనుమానం రావచ్చు. దానికి జవాబు కూడా దూరంలోనే ఉంది. గొట్టంలోని ఉక్కు కేంద్రం నుంచి సగటున 47.6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, కడ్డీలోని ఉక్కు 15.4 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. మూడు రెట్లకు కాస్త పైన. దాని వర్గం తొమ్మిదిన్నర, బిర్రులో తేడా అదే. కానీ గొట్టం పై పొర కూడా కడ్డీ పై పొర కంటే 2.3 రెట్లు బయటకు జరిగింది. ఒకే కోణానికి అది అంత ఎక్కువ జరగాల్సి వస్తుంది. తొమ్మిదిన్నర లాభంలో ఆ 2.3 కోత పోగా మిగిలింది 4.15. బలంలో లాభం అంత.

గొట్టంలో ఇంకో మంచి గుణం ఉంది. పై పొరలో 74 ఉంటే లోపలి అంచులో దాదాపు 67. అంటే ఉన్న ఉక్కంతా ఇంచుమించు సమానంగా చాకిరీ చేస్తోంది. కడ్డీలో పై పొర 307 దగ్గర అల్లాడుతుంటే కేంద్రంలో సున్నా.

ఇదే బేరాన్ని తిరగేసి అడగొచ్చు. నిండు కడ్డీనే వాడతాం, స్ట్రెస్ మాత్రం 74 దాటకూడదు అంటే వ్యాసం ఎంత ఉండాలి? 70 మిల్లీమీటర్లు. బరువు 45 కిలోలు. మెలి కోణం కూడా గొట్టంతో సమానంగా ఉండాలంటే 76.6 మిల్లీమీటర్లు, 54 కిలోలు. పదిహేడున్నర కిలోల గొట్టం చేసే పనికి మూడు రెట్ల ఉక్కు.

కడ్డీ ఊగులాట

మెలి ఒక్కటే షాఫ్టును పరీక్షించదు. వేగంగా తిరిగే ఏ దండమైనా ఒక వేగం దగ్గర నడుము వంచి విల్లులా ఊగడం మొదలుపెడుతుంది. దాన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. షాఫ్టు ఎంత బిర్రుగా ఉంటే ఆ వేగం అంత పైకి పోతుంది. ఇక్కడ కూడా ఉక్కు కేంద్రానికి దూరంగా ఉండటమే లాభం.

రెండు కొసలూ బేరింగుల మీద ఉన్న దండంగా లెక్కేస్తే మన గొట్టానికి ఆ వేగం నిమిషానికి సుమారు 7,200 చుట్లు. కడ్డీకి 2,300 మాత్రమే. మీటరు వ్యాసానికి కాస్త మించిన టైర్లుండి, చక్రం ఒక చుట్టుకు షాఫ్టు ఆరు చుట్లు తిరిగే లారీ గంటకు 77 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి షాఫ్టు సరిగ్గా ఆ 2,300 దగ్గరికొస్తుంది. ఏ హైవే మీదైనా మామూలు వేగమది. కడ్డీ ఘాట్ రోడ్డులో మెలి తట్టుకున్నా హైవే మీద ఊగి బేరింగులు పగలగొడుతుంది.

పొడవు పెరిగితే ఈ క్రిటికల్ స్పీడ్ పొడవు వర్గాన్ని బట్టి పడిపోతుంది. పొడవాటి చాసిస్ ఉన్న లారీల్లోనూ బస్సుల్లోనూ షాఫ్టును రెండు మూడు ముక్కలుగా చేసి మధ్యలో సెంటర్ బేరింగు పెట్టేది ఇందుకే. ఎంత మంచి గొట్టమైనా మూడు మీటర్ల పొడవు ఒకే ముక్కగా ఉంటే ఇదే 7,200 కాస్తా 1,800కు దిగిపోతుంది.

అయితే గోడ ఇంకా పలచన చేస్తే?

లోహాన్ని బయటికి నెట్టేకొద్దీ లాభమైతే ఆ నెట్టడం ఎక్కడ ఆపాలి? బరువు అదే ఉంచి లోపలి వ్యాసానికీ బయటి వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని k అనుకుంటే, నిండు కడ్డీతో పోలిస్తే లాభం ఇలా ఉంటుంది:

```
బలం:   (1 + k²) / √(1 − k²)
బిర్రు:  (1 + k²) / (1 − k²)
```

k సగం ఉంటే బలం 1.44 రెట్లు, బిర్రు 1.67 రెట్లు. మన గొట్టంలో k విలువ 0.9 కాబట్టి 4.15, 9.5 వచ్చాయి. k విలువ 0.98కి తీసుకెళితే బలం దాదాపు పది రెట్లు, బిర్రు దాదాపు యాభై రెట్లు అవుతుంది. సూత్రం ఆగమనదు. ఆపేది రోడ్డు.

అదే పదిహేడున్నర కిలోల ఉక్కుతో ఆ గొట్టం చేస్తే దాని వ్యాసం 219 మిల్లీమీటర్లు, గోడ మందం 2.2. మొదటి చిక్కు స్థలం. లారీ అడుగున అంత లావు గొట్టం ఇరుసుతో పాటు పైకీ కిందికీ ఆడటానికి చోటుండదు. రెండో చిక్కు దెబ్బలు. టైరు ఎగరగొట్టిన రాయి తగిలితే 5 మిల్లీమీటర్ల గోడ మీద గీత పడుతుంది, 2 మిల్లీమీటర్ల గోడ మీద సొట్ట పడుతుంది. మూడోది తుప్పు. మిల్లీమీటరు ఉక్కు తుప్పులో పోతే 5 మిల్లీమీటర్ల గోడకు అయిదో వంతు నష్టం, పలచని గోడకు దాదాపు సగం. ఇంకా పలచన చేస్తే నాలుగో ప్రమాదం మొదలవుతుంది. ఉక్కు సాగిలపడకముందే గోడ వాలుగా మడతలు పడి నలిగిపోతుంది. సొట్ట ఉంటే ఆ మడత అక్కడి నుంచే మొదలవుతుంది. పైన చెప్పిన మూడు సూత్రాల్లో దీని ప్రస్తావనే లేదు. అవి గోడ గుండ్రంగానే ఉంటుందని ముందే ఒప్పుకుని రాసినవి.

ఇంకో షరతు కూడా ఆ సూత్రాల్లో దాగి ఉంది. గొట్టం చుట్టూ గోడ ఎక్కడా తెగకూడదు. ఇది ఎంత ముఖ్యమో ఇంట్లో తెల్ల కాగితంతో తెలుసుకోవచ్చు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు అతికించకుండా పట్టుకుని మెలితిప్పితే అంచులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. కాగితం ఏమాత్రం ఎదురు తిరగదు. అదే అంచును పొడవునా జిగురుతో అతికించి ఆరాక తిప్పితే చేతికి గట్టిగా తగులుతుంది. మెలి పెట్టినప్పుడు షియర్ అడ్డంగానే కాదు, అంతే పరిమాణంలో పొడవునా కూడా ఉంటుందని ఆ జారుడు చెబుతుంది. వెదురు బొంగును మెలితిప్పితే నిలువునా చీలడానికి కారణమూ అదే. దాని నారలు పొడవునా పేర్చి ఉంటాయి, వాటి మధ్య పట్టు తక్కువ.

మన లారీ గొట్టానికి పొడవునా ఒక సన్నటి చీలిక పడిందనుకుంటే దాని బిర్రు సుమారు 270వ వంతుకు పడిపోతుంది. బరువు మారదు, వ్యాసం మారదు, అయినా గొట్టం గొట్టంగా మిగలదు. షాఫ్టు గొట్టాల్లో చాలావాటిని ఉక్కు పట్టీని గుండ్రంగా వంచి, అంచులను కరెంటుతో వెల్డింగు చేసి తయారు చేస్తారు. కాబట్టి పొడవునా సాగే ఆ వెల్డింగు గీత అలంకారం కాదు. లెక్క మొత్తం దాని మీద నిలబడి ఉంది.

నిండు కడ్డీ గెలిచే చోటు

గొట్టం ఎప్పుడూ మేలు అనుకుంటే పొరపాటే. సమాన బరువు అన్న మాట తీసేసి సమాన వ్యాసం అని పెడితే తీర్పు తలకిందులవుతుంది. వంద మిల్లీమీటర్ల గొట్టం కంటే వంద మిల్లీమీటర్ల నిండు కడ్డీ ఎప్పుడూ బలమైనదే. తొలిచేసిన ఉక్కు కొంచెమే పని చేసినా, చేసింది నిజం. పరీక్షల్లో ఈ ప్రశ్న తప్పేవాళ్లలో చాలామంది లెక్కలో కాదు, సమానమైనది ఏమిటో చదువుకోకపోవడంలో తప్పుతారు.

అదే లారీలో ఇందుకు రుజువు ఉంది. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్ షాఫ్టు నిండు కడ్డీ. ప్రొపెల్లర్ షాఫ్టు వేగాన్ని డిఫరెన్షియల్ ఆరో వంతుకు తగ్గించి టార్క్ పెంచుతుంది కాబట్టి ఒక్కో యాక్సిల్ షాఫ్టు మీద పడే మెలి ఇంకా ఎక్కువ. అయినా అక్కడ గొట్టం పెట్టరు. అది డిఫరెన్షియల్ గేరు రంధ్రంలోంచి, బేరింగుల మధ్య నుంచి, ఇరుసు గొట్టం లోపలి నుంచి దూరాలి. లావు పెంచే వీలు లేదు. చోటు కరువైనప్పుడు మిగిలిన దారి ఒక్కటే, మంచి రకం ఉక్కుతో నిండు కడ్డీ చేసి, స్ట్రెస్ ఎక్కువుండే పై పొరను ప్రత్యేకంగా గట్టిపరచడం. మధ్యలోని ఉక్కు మెత్తగానే ఉన్నా ఫరవాలేదు, అక్కడ స్ట్రెస్ లేదు కాబట్టి.

ప్రొపెల్లర్ షాఫ్టులో కూడా ఇదే రాజీ కనిపిస్తుంది. నడుము గొట్టం, ఒక కొసన పళ్లు కోసిన స్ప్లైన్ ముక్క. ఇరుసు పైకీ కిందికీ ఆడినప్పుడు షాఫ్టు పొడవు కాస్త మారాలి, అందుకు ఆ స్ప్లైన్ యోక్‌లో ముందుకూ వెనక్కూ జారుతుంది. ఆ జారే ముక్క సన్నగా ఉండాలి కాబట్టి నిండుగా ఉంటుంది.

దెబ్బతిన్నదని తెలిసేదెలా?

మెలివల్ల విరిగిన ముక్క ఎలా విరిగిందో తన ముఖం మీదే రాసుకుంటుంది. సుద్దముక్కను రెండు చేతులతో మెలితిప్పి విరిస్తే పగులు 45 డిగ్రీల వాలులో మెలికలు తిరుగుతుంది, పెళుసు వస్తువులు లాగుడుకు లొంగుతాయి, మెలిలో లాగుడు ఆ వాలులో పనిచేస్తుంది. మెత్తటి ఉక్కు కడ్డీ మెలికి తెగితే కోత దాదాపు చదునుగా, అడ్డంగా ఉంటుంది. అది షియర్‌కు లొంగింది. గొట్టంలో తరచుగా పగులు గొట్టానికి, యోక్‌కు మధ్య చుట్టూ వేసిన వెల్డింగు అంచున మొదలవుతుంది. అక్కడ ఆకారం హఠాత్తుగా మారుతుంది, వెల్డింగు వేడికి ఉక్కు గుణం కూడా మారి ఉంటుంది. తుప్పు రంగులో వెంట్రుకవాసి గీత కనబడితే ఆ షాఫ్టుతో మరో లోడు మోయించకూడదు.

విరగకుండా శాశ్వతంగా మెలిపడిన షాఫ్టును కనిపెట్టడం ఇంకా కష్టం, ఎందుకంటే బయటికి నున్నగానే ఉంటుంది. గొట్టం రెండు కొసల్లోని యోక్‌లు సాధారణంగా ఒకే వరుసలో ఉండాలి. చదునైన చోట పెట్టి చూస్తే ఒకటి పక్కకు తిరిగినట్టుంటే రెండే కారణాలు. స్ప్లైన్‌ను విప్పి బిగించినవాళ్లు గుర్తులు కలపకుండా పెట్టారు, లేదా గొట్టం మెలిపడింది. స్ప్లైన్ గుర్తులు కలిసే ఉన్నా యోక్‌లు వరుస తప్పాయంటే తప్పు గొట్టానిది. కొత్త షాఫ్టు బిగించేటప్పుడు పొడవునా తిన్నగా ఓ పెయింటు గీత గీసి ఉంచితే పని ఇంకా సులువు. ఆ గీత ఎప్పుడైనా వంకర తిరిగి కనిపిస్తే షాఫ్టు తన హద్దు దాటిందని అర్థం.

లారీ యజమానులకూ డ్రైవర్లకూ చివరగా ఒక్క మాట. గొట్టం మీద సొట్ట పడితే దానిపై ఉక్కు రేకు పెట్టి గ్యాసు వెల్డింగు కొట్టించి సరిపెట్టుకోవద్దు. అతుకు బరువు షాఫ్టును ఒక పక్కకు లాగి ఊగులాట తెస్తుంది, వేడికి గొట్టం వంగుతుంది, సొట్ట బలహీనత రేకు కింద అలాగే ఉంటుంది. గొట్టం కొసల్లో చిన్న ఇనుప బిళ్లలు అతికించి కనిపిస్తే అవి ఎవరో వదిలేసిన ముక్కలు కావు, షాఫ్టును బ్యాలెన్స్ చేసినప్పుడు పెట్టిన తూకాలు. వాటిని పీకేయవద్దు. పాత గొట్టం కోయించి కొత్త గొట్టం వేయించేటప్పుడు అదే బయటి వ్యాసం, అదే గోడ మందం ఉన్నది అడిగి తీసుకోండి, యోక్‌లు వరుసలో ఉన్నాయో లేదో చూడండి, బ్యాలెన్సింగ్ చేయించాకే లారీకి ఎక్కించండి.